ప్రసన్నకు, సీసాల సంగతి

చి. ప్రసన్నకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, అయినా మేడ మెట్లు ఎక్కనని పంతం. ఆదివారం పెదమామయ్య వచ్చాడు. కాఫీ తాగుతూ తాగుతూ, అమ్మాయి సీసాలు అమ్మే పేజీ ఆన్‌లైన్‌లో కనబడటం లేదట, ఏదో నోటీసు వచ్చిందట కదా అన్నాడు. ఆయన మాటల్లో సగం తీసెయ్యాలని నీకూ తెలుసు. నువ్వు ఫోన్ ఎత్తకపోవడానికీ దానికీ సంబంధం లేదనే అనుకుంటున్నాను.

పెరట్లో మామిడి బాగా పూసింది. అమ్మ ఇప్పటినుంచే జాడీలు కడిగి ఎండబెడుతోంది. జాడీలంటే గుర్తొచ్చింది, నీ పేజీ ఫొటో తీసి పెట్టుకున్నానని రవి ఫోన్‌లో చూపించాడు. అందులో `Net Quantity: 500 ml` అని ఉంది. ఖాళీ సీసాలో 500 మి.లీ. ఏముందమ్మా, గాలా? నూనె అమ్మేవాడికి అది నికర పరిమాణం. నీ సీసాకు అది పట్టే కొలత మాత్రమే, దాన్ని `Capacity` దగ్గర రాసుకో. లెక్కపెట్టి అమ్మే సరుకుకు సంఖ్యే పరిమాణం. రెండు సీసాల సెట్ కాబట్టి `2 N`. ఇన్నేళ్లు తూనికలు కొలతల శాఖలో చేసినవాడి కూతురివి, ఒక్కసారి అడగొచ్చుగా.

సరే, అది చిన్నది. `Country of Origin: India` అన్నది చిన్నది కాదు. బేగంబజార్‌లో నువ్వు కొన్న అట్టపెట్టె మీద చైనా అని ఉందని కిందటిసారి నువ్వే చెప్పావు. పైన నీ బ్రాండు పెట్టె హైదరాబాద్‌లో వేయించినంత మాత్రాన సీసా ఇక్కడ పుట్టదు. తయారీదారు పేరు రాసే చోట కూడా నీ బ్రాండు పేరు, పక్కన ఊరి పేరు, అంతే. ఆ సీసాలు తెప్పించిన ముంబయి దిగుమతిదారు పేరు, పిన్‌కోడ్‌తో సహా పూర్తి చిరునామా అక్కడ ఉండాలి. ప్యాక్ చేసింది నువ్వు కాబట్టి నీదీ వేరుగా ఉండాలి. అన్నట్టు, ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోగా ప్యాకర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. చేసుకున్నావా?

రాజమండ్రిలో ఉన్నప్పుడు జరిగింది ఒకటి చెబుతాను, నీకు చెప్పానో లేదో. మెయిన్‌రోడ్డు వెనక సందులో ఒక కొట్టు, బయటి దేశం టార్చిలైట్లు అమ్మేవాడు. పెట్టె తిప్పి చూస్తే ధర 120 రూపాయలు. స్టిక్కర్ ఒక మూల కాస్త లేచి ఉంది. వేడి ఊపిరి ఊది గోటితో మెల్లగా లాగితే కింద దిగుమతిదారు అంటించిన లేబుల్ బయటపడింది. దేశం పేరు, చిరునామా, నెల, సంవత్సరం అన్నీ ఉన్నాయి, ధర మాత్రం 95. కొట్టాయన ఏమాత్రం తడుముకోలేదు. “వివరాలన్నీ ఉన్నాయి కదండీ, కింద ఉన్నాయి” అన్నాడు. ధర తగ్గించి స్టిక్కర్ వేసుకుంటే ఒప్పుకుంటారు, అదీ పాత ధర కనబడేలాగ. పెంచి అంటించడం కుదరదు, మిగతా వివరాల్ని కప్పడమూ కుదరదు. అలమరాలన్నీ వెతికితే అలాంటివే ఇంకో డజను దొరికాయి. ఆయన బామ్మర్ది వచ్చి నాకు మజ్జిగ ఇచ్చాడు. తాగలేదులే, డ్యూటీలో ఉన్నాను.

నీ పేజీలో వరస కూడా అలాగే ఉంది. చిరునామా అయిదో ఫొటోలో, పెట్టె అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. ఫొటోలో ఉంది కదా అని నువ్వూ అంటావేమో. ఆ వివరాలు కొనేవాడికి కొనకముందే పేజీ మీద కనబడాలి. 2018 జనవరి నుంచి ఆన్‌లైన్ అమ్మకానికీ ఆ నిబంధన ఉంది. అమ్మకందారుల ఖాతాలో వాటికి విడివిడి గడులు ఇస్తారు. వాటిని ఖాళీగా వదిలి వర్ణనలో రాస్తే పేజీలో సరైన చోట కనబడదు. పేజీ మీద రాయనక్కర్లేనిది తయారైన నెల, సంవత్సరం ఒక్కటే. పెట్టె మీద మాత్రం అదీ ఉండాలి. ఆ సైటు వాళ్లు ఊరికే మధ్యవర్తులైతే, వివరాలు తప్పయినా వాళ్లు నిన్నే చూపిస్తారు. అందుకే ఇంత చెబుతున్నాను. ఉపన్యాసం అనుకోకు.

పెట్టె మీద కూడా పరిమాణం చుట్టూ కాస్త ఖాళీ వదులు, పూలూ తీగలూ వేయించకు. “సుమారు” లాంటి మాటలొద్దు. ఇప్పటికే అచ్చు వేయించిన పెట్టెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు చెప్పు. వాటి మీద India అని ఉంటే కొత్తవి వచ్చేదాకా పార్సిళ్లు ఆపెయ్యి.

నోటీసు వచ్చి ఉంటే దాని మీది తేదీ చూడు, జవాబు ఇవ్వడానికి గడువు ఉంటుంది. నువ్వే రాసి పంపెయ్యకు, ముందు నాకు పంపు. రాకపోతే మరీ మంచిది, ఆ మాటే ఫోన్ చేసి చెప్పు. అమ్మ కందిపొడి కొట్టి ఉంచింది. బస్సు పార్సిల్‌లో వెయ్యనా, కొరియర్‌లోనా? ఫోన్ రాత్రి తొమ్మిది తర్వాత చెయ్యి, అమ్మ సీరియల్ అప్పటికి అయిపోతుంది. ముందు పెట్టె ఆరు వైపులా ఫొటోలు తీసి పంపు, అడుగుభాగం దగ్గరగా.

మీ నాన్న