ఎలివేషన్ బొమ్మలో ఆకులు ఎక్కువ వేశాం

"బొమ్మలో గోడంతా తీగ కప్పేసినట్టు చూపించారు. ఎనిమిది నెలలైంది, మా ఇంటికి సగం గోడ అలాగే కనిపిస్తోంది. చెట్లలో లోపమా, నీళ్లలో లోపమా?"

తిరుచానూరు రోడ్డు పక్క వీధిలో ఉండే కస్టమర్ ఒకరు పోయిన వారం ఇలా అడిగారు. చెట్లు బాగున్నాయి, నీళ్లూ సరిపోతున్నాయి. తప్పు మేమిచ్చిన రెండర్‌లో, అంటే ఇంటి ముందు భాగం ఎలా ఉంటుందో కంప్యూటర్లో చేసిచ్చిన బొమ్మలో ఉంది. అలాంటి బొమ్మలు మా దగ్గర ఇంకొందరు కూడా తీసుకున్నారు కాబట్టి అందరికీ రాస్తున్నాను.

ఆ ఇంటి ముందు గోడ పడమర ముఖం. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల ఎత్తు. కింద తొట్టిలో రాధామనోహరం తీగలు మూడు నాటాం. ఫోన్ రాగానే వెళ్లి, మీటరు పొడవు, మీటరు వెడల్పు వచ్చేలా దారంతో ఒక చట్రం కట్టి, గోడకు ఆనించి ఆకులు లెక్కపెట్టాం. కింద, తొట్టికి దగ్గర్లో 60 ఆకులు. ఆరడుగుల ఎత్తులో 190. పదకొండు అడుగులు దాటాక ఒక్కటీ లేదు, తీగ ఇంకా అక్కడిదాకా పాకలేదు. మా రెండర్ ఫైలు తెరిచి చూస్తే కింది నుంచి పైదాకా చదరపు మీటరుకు 850 ఆకులు ఒకే లెక్కన ఉన్నాయి.

ఆ 850 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. రాధామనోహరం ఆకు పది సెంటీమీటర్ల పొడవు, ఐదు వెడల్పు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 35 చదరపు సెంటీమీటర్లు. పక్కపక్కనే పరిస్తే చదరపు మీటరు గోడ మూయడానికి 285 ఆకులు చాలు. కానీ తీగ అలా పరవదు కదా, ఒక ఆకు మీద ఇంకో ఆకు పడుతుంది. అందుకే 285 ఆకులున్నా మూడో వంతుకు పైగా గోడ, దాదాపు 37 శాతం, కనిపిస్తూనే ఉంటుంది. ఐదు శాతమే కనిపించాలంటే మూడింతలు, అంటే 850 దాకా కావాలి. అది బాగా ముదిరి, ఏళ్ల తరబడి అల్లుకున్న తీగ లెక్క. ఎనిమిది నెలల తీగకు అదే లెక్క వేశాం. కస్టమర్ చెప్పిన "సగం గోడ" మాట ఎంత కరెక్టో చూడండి: 190 ఆకులకు లెక్క కడితే దాదాపు సగమే మూసుకుంటుంది.

ఇంకో తప్పు కూడా ఉంది. బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో Distribute Points on Faces పెట్టి, Poisson Disk ఎంచుకుని, ఆకుల్ని నేరుగా గోడ మీద చల్లేశాం. అలా చేస్తే ఆకుకూ ఆకుకూ మధ్య సమానంగా ఎడం వస్తుంది, గోడకు వాల్‌పేపర్ అతికించినట్టు ఉంటుంది. అసలు తీగ కింద బోడిగా, కాడలు కనబడుతూ ఉండి, వెలుతురు ఉన్న పైభాగంలో గుబురు కడుతుంది. పూలు కూడా అన్నీ ఎర్రగా వేశాం. నిజానికి ఆ పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తర్వాత గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి. ఇది రోజూ కళ్లముందు చూసేదే, అయినా బొమ్మలో పట్టించుకోలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

ఇప్పుడు పద్ధతి మార్చాం. ముందు తొట్టి నుంచి కాడలు గీసి, తీగ పాకే వైర్ల వెంట పైకి పంపి, కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి ఆకులు పెడుతున్నాం. వైర్లు కూడా బొమ్మలో కనిపిస్తాయి. రాధామనోహరం చుట్టుకుని పాకే తీగ, ఉత్త గోడను పట్టుకోలేదు. మొదటి అంతస్తు తొట్లకు బ్రాకెట్లు కూడా వేస్తున్నాం. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న తొట్టిలో ఎర్రమట్టి తడిస్తే 150 కిలోలు దాటుతుంది. బొమ్మలో అది గాల్లో తేలుతున్నట్టు ఉంటే, దాన్ని చూసి స్లాబ్ పోసే మేస్త్రీ ఏం అర్థం చేసుకుంటాడు?

ఇక మీదట ప్రతి ఇంటికీ ఒకే కెమెరా కోణంలో, ఒకే సాయంత్రపు ఎండలో రెండు బొమ్మలు ఇస్తాం: నాటిన ఎనిమిది నెలలకు ఒకటి, తీగ ముదిరాక ఒకటి. పని మూడు రోజులు ఆలస్యమవుతుంది, రేటు పెంచడం లేదు. పాత బొమ్మలు తీసుకున్నవాళ్లు మెసేజ్ పెడితే ఎనిమిది నెలల బొమ్మ ఉచితంగా చేసిస్తాం. తిరుచానూరు రోడ్డు ఇంటికి పైభాగంలో అడుగుకొక వైరు చొప్పున మా ఖర్చుతోనే కడుతున్నాం. ఆదివారం పొద్దున మొదలు.