మిర్చి బస్తాలకు పార్శిల్ రైలు: రైల్వే మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర రైల్వే శాఖ మంత్రిగారికి,

నమస్కారం. గుంటూరు యార్డులో మిర్చి కొని ఎగుమతి చేసేవాణ్ణి. 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు 16 పార్శిల్ వ్యాన్ల రైల్లో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. అంతకుముందు గూడ్సు రైలు కావాలంటే ఒక్కసారే 1,500 టన్నులకు పైగా పోగుచేయాల్సి వచ్చేది. చిన్న వ్యాపారికి అది అందేది కాదు. అందుకే ఆ సరుకు లారీలకు పోయేది.

పొగ లెక్క మేమే వేసుకున్నాం. 20 టన్నుల లారీ లీటరుకు 4 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. లీటరు డీజిలు కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. టన్నును కిలోమీటరు మోయడానికి దాదాపు 34 గ్రాములు. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ లారీ తిరుగు లోడు దొరక్క ఖాళీగా వస్తే, లీటరుకు 6 కిలోమీటర్లు వచ్చినా, ఆ డీజిలు కూడా మన మిర్చి ఖాతాలోదే. అప్పుడు 56 గ్రాములు. పైగా మిర్చి తేలిక సరుకు, 20 టన్నులు ఎక్కకముందే లారీ నిండిపోతుంది. సగం లోడైతే లెక్క 100 గ్రాములు దాటుతుంది. అందుకే ట్రాన్స్‌పోర్టు వాళ్లు చెప్పే సగటు అంకె కాక, రానూపోనూ డీజిలు బిల్లు అడగాలని నేను తోటి వ్యాపారులకు చెబుతుంటాను.

రైలుకు సాధారణంగా 25 గ్రాములంటారు. బెనాపోల్ వరకు రైలు దారి 1,372 కిలోమీటర్లు. లారీకీ అంతే దూరమనుకున్నా టన్నుకు దాదాపు 77 కిలోలు, రైలుకు 34. అయితే ఆ 25 బరువైన గూడ్సులనూ కలిపిన సగటు. 384 టన్నుల పార్శిల్ రైలుకు అంతకంటే ఎక్కువే పడుతుంది, వ్యాన్లు ఖాళీగా తిరిగొస్తే ఇంకా పెరుగుతుంది.

ఓడ అన్నిటికంటే మేలు, కంటైనర్‌లో 10–15 గ్రాములు. విమానానికి 600 గ్రాముల పైమాటే. ఈ తేడా నాకు ఒక సీజన్లో బాగా తెలిసింది. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ పరీక్ష రిపోర్టు ఆలస్యమై ఓడ తప్పిపోతే, దుబాయ్ కొనుగోలుదారు గడువు కోసం 300 కిలోలు విమానంలో పంపాను. దూరం దాదాపు 2,500 కిలోమీటర్లు, కిలో మిర్చికి కిలోన్నర కార్బన్ డయాక్సైడ్. అప్పట్నుంచి రిపోర్టు చేతికొచ్చాకే గడువు ఒప్పుకుంటున్నాను.

మేము అడిగేవి రెండే. మిర్చి సీజన్లో రెడ్డిపాలెం నుంచి పార్శిల్ రైలు తేదీలు నెల ముందే ప్రకటించండి, పది టన్నుల వాళ్లం కలిసి వ్యాను నింపుకుంటాం. ఆ రైలుకు కాలిన కరెంటును, ఖాళీ తిరుగు ప్రయాణంతో సహా, మా రైల్వే రశీదు మీద టన్నుకు లెక్కగట్టి ఇవ్వండి. మా విదేశీ కొనుగోలుదారులు అడిగేది ఆ అంకెనే.

ఇట్లు,
గుంటూరు మిర్చి ఎగుమతిదారు