‘బడికి వస్తూ కుక్క రవిని కరిచింది’: తొమ్మిదో తరగతి మార్కుల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లో పై వాక్యం ఇచ్చి, సరైనదో కాదో కారణంతో రాయమన్నాం. దాని మీద వాట్సాప్ గ్రూపులో జరుగుతున్న వాదన చూశాను. తప్పని కొందరు, అందరం అలాగే మాట్లాడతాం కదా అని కొందరు అంటున్నారు.

వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం సరైనదే. అయితే దానర్థం మీరనుకున్నది కాదు. ‘వస్తూ’ శత్రర్థకం, అంటే మరో పనితో పాటే జరుగుతున్న పనిని చెప్పే క్రియ. చివరి క్రియకు ఎవరు కర్తో దానికీ వాళ్లే కర్త. కరిచింది కుక్క కాబట్టి బడికి వస్తున్నదీ కుక్కే. బడికి వచ్చేది పిల్లలని మనకు తెలుసు కాబట్టి రవి వస్తున్నాడని ఊహించుకుంటాం. ఆ అర్థం వాక్యంలో లేదు. అనుమానముంటే కర్తను పైకి చెప్పి చూడండి: ‘రవి బడికి వస్తూ కుక్క అతన్ని కరిచింది.’ అతకదు. ‘వస్తుంటే’ అనండి, చక్కగా అతుకుతుంది.

అలాగని కర్త ఒక్కటే ఉండాలనే సూత్రాన్ని అన్నిచోట్లా పట్టుకోకూడదు. ‘వాన కురిసి చెరువు నిండింది’లో ఇద్దరు కర్తలున్నా ఎవరూ తప్పనరు. చెరువు నిండడానికి వానే కారణం, పైగా ‘కురిసి’కి కర్త అయిన వాన వాక్యంలోనే ఉంది. ‘నాకు అన్నం తిని నిద్ర వచ్చింది’ కూడా అంతే. వచ్చింది నిద్రే అయినా, తిన్నదెవరో ‘నాకు’ చెబుతోంది.

తొమ్మిది-బిలో ఒకమ్మాయి ‘కుక్క వస్తోందని చెప్పాలంటే ఒప్పు, రవి వస్తున్నాడని చెప్పాలంటే వస్తుంటే అనాలి’ అని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ పేపరు స్టాఫ్ రూంలో అందరికీ చదివి వినిపించాను. వాన, చెరువు ఉదాహరణ కూడా మేం చెప్పింది కాదు, అదే క్లాసు అబ్బాయి సొంతంగా రాసింది. ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పడం మా అదృష్టం.

ఒప్పన్నా తప్పన్నా, ‘వస్తూ’ ఎవరికి చెందుతుందో రాసినవాళ్లకు పూర్తి మార్కులిస్తున్నాం. ఒక్క మాటతో సరిపెట్టినవాళ్లకు ఇవ్వడం లేదు.

‘వస్తూ’కీ ‘వస్తుంటే’కీ ఉన్న తేడా పిల్లలకు చెవి ద్వారానే పట్టుబడుతుంది. అందుకే రోజూ పిల్లల చేత ఒక పేజీ తెలుగు పైకి చదివించమని ప్రతి మీటింగులోనూ బతిమాలుతున్నాను. ఏం జరిగిందని బిడ్డను అడిగితే, ఆ వాక్యాన్ని బిడ్డనే పూర్తి చేయనివ్వండి. మధ్యలో అందుకుని మీరు చెప్పేస్తే ఎవరు వస్తున్నారో, ఎవరు కరిచారో చెప్పాల్సిన అవసరమే వాళ్లకు రాదు. హోంవర్కు నోటుబుక్కుల్లో పెద్దవాళ్ల చేతిరాత కూడా మాకు తెలుస్తూనే ఉంది. మీ ప్రేమ అర్థమవుతుంది, కానీ దయచేసి మానండి.

శనివారం పేరెంట్స్ మీటింగు, బస్సు ఫీజు ఆలోగా కట్టేయండి.

దిద్దిన పేపర్లు సోమవారం ఇంటికి పంపుతాం. సంతకం చేసి పంపితే చాలు, జవాబులు మీరు సరిచేయకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు