శాంతి దళం తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రిటైరైన హవల్దారుని. మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర, వంశధార ఒడ్డున ఒక పల్లె. సర్వీసులో ఒక ఏడాది కాంగోలో, గోమా దగ్గర, ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో, నీలం టోపీ పెట్టుకుని పనిచేశాను. నా డ్యూటీ తుపాకీ కంటే ఎక్కువగా క్యాంపు నీళ్ళూ, మురుగూ. రోజూ పొద్దున్నే హోరాక్స్ పెట్టె తెరిచి, తెల్ల కప్పుల్లో నీళ్ళు పోసి, ఏ కప్పుకి నీలం రంగు వస్తుందో చూసి క్లోరిన్ లెక్క కట్టేవాడిని.

ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో రాసిన కార్డు మా అందరి జేబుల్లో ఉండేది. ఒక్క తూటా పేలినా రిపోర్టు రాయాలి. మురుగు ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతోందని మాత్రం పైనుంచి ఎవరూ అడిగిన గుర్తు లేదు. ఈ ఉత్తరం ఆ ట్యాంకరు గురించే.

2010 అక్టోబరులో హైతీలో కలరా మొదలైంది. అంతకుముందు దాదాపు వందేళ్ళుగా ఆ దేశంలో కలరా లేదు. మిర్బాలే ఊరి దగ్గర ఐరాస క్యాంపులోకి కొత్త నేపాల్ బెటాలియన్ అప్పుడే వచ్చింది. నేపాల్లో అప్పటికే కలరా ఉంది. వాంతులు, విరేచనాలు లేని వాళ్ళకు పరీక్ష చేయలేదు. క్యాంపు మురుగును ఐరాస పెట్టుకున్న కాంట్రాక్టరు తీసుకెళ్ళి కంచె కూడా లేని గోతిలో పోసేవాడు. వాన పడితే ఆ గొయ్యి పొంగి పక్క వాగులోకి పోయేది. ఆ వాగు అర్తిబోనిత్ నదిలో కలుస్తుంది. ఆ నదిలోనే జనం తాగేదీ, స్నానం చేసేదీ. ఎనిమిది లక్షల మందికి పైగా జబ్బు పడ్డారు, పదివేల మంది దాకా చనిపోయారు. ఎగువన గొయ్యి తవ్వితే దిగువన ఎవరు తాగుతారో ఏటి గట్టున పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ జవాన్లను నేను తప్పుపట్టను. గొయ్యి వాళ్ళు ఎంచుకున్నది కాదు.

నా బాధ ఆ తర్వాత జరిగిన దాని గురించి. శాంతి దళం ఒక దేశంలో అడుగుపెట్టాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటూ ఒక ఒప్పందం మీద సంతకం చేస్తుంది. దాని ప్రకారం డ్యూటీలో చేసిన దానికి మా మీద స్థానిక కోర్టులో కేసు వేయడానికి ఉండదు. నేరం చేస్తే మా దేశమే విచారిస్తుంది. దానికి బదులుగా ఐరాస ఒక మాట ఇస్తుంది: నష్టపోయిన జనం కోసం ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ కమిషన్ ఉంటుంది. ఒకరిని ఐరాస, ఒకరిని ఆ దేశం పెడతాయి, ఛైర్మన్‌ను ఇద్దరూ కలిసి ఎంచుకుంటారు. హైతీతో 2004లో చేసుకున్న ఒప్పందంలో కూడా ఇది ఉంది. కానీ ఆ కమిషన్ హైతీలో ఎప్పుడూ కూర్చోలేదు. నాకు తెలిసి మరే మిషన్‌లోనూ కూర్చోలేదు. ఉన్నదల్లా ఐరాస ఉద్యోగులే కూర్చునే లోపలి బోర్డు. మా జీపు ఎవరి మేకనో గుద్దితే దానికి లెక్క కట్టి డబ్బు ఇచ్చేది ఆ బోర్డే.

2011లో ఐదు వేల మంది బాధితులు ఐరాసకు అర్జీ పెట్టారు. ఇది విధాన నిర్ణయాలను సమీక్షించే విషయం, కాబట్టి స్వీకరించలేం అని 2013 ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. మురుగు గోతిలో విధానం ఏముందో నాకర్థం కాలేదు. మేకకు లెక్క ఉంది, మనిషికి లేదు. న్యూయార్క్ కోర్టుకెళ్తే, పరిహారం దారి చూపించకపోయినా ఐరాసకు కేసుల నుంచి రక్షణ ఉంటుందని 2016లో అప్పీలు కోర్టు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో సెక్రటరీ జనరల్ బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు. 40 కోట్ల డాలర్ల నిధి ప్రకటించారు, దేశాలు ఇచ్చింది అందులో చాలా చిన్న భాగమే.

మనకెందుకంటారా? ఐరాసకు ఎక్కువమంది సైనికుల్ని పంపే దేశాల్లో మనదొకటి. ఇలాంటి కమిషన్ మనవాళ్ళకీ మంచిదే. ఎవరి తప్పు ఎంతో తేలుతుంది. సైన్యాన్ని పంపే దేశం ఐరాసతో చేసుకునే ఒప్పందం ప్రకారం, మా వాళ్ళ ఘోరమైన నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఐరాస ముందు చెల్లించి, ఆ సొమ్ము మన ప్రభుత్వం దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఎవరూ విచారించకపోతే, నిర్లక్ష్యం కాంట్రాక్టరుదా, హెడ్‌క్వార్టర్సుదా, జవానుదా అన్నది ఎప్పటికీ పుకారుగానే ఉంటుంది. హైతీలో ఆ మచ్చ నేపాల్ జవాన్ల మీద పడింది.

అందుకని మీరు చేయగలిగింది ఒకటి ఉంది. తర్వాతి మిషన్‌కు బెటాలియన్‌ను అడిగినప్పుడు, సంతకానికి ముందు, ఆ దేశంలో క్లెయిమ్స్ కమిషన్ ముగ్గురి పేర్లూ కాగితం మీద చూపించమని న్యూయార్క్‌లోని ఐరాసను అడగండి. మురుగు కాంట్రాక్టు కాగితం కూడా అడగండి, ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతుందో అందులో రాసి ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దారు,
శ్రీకాకుళం జిల్లా