డబ్బా మీద బ్లూటూత్, టీవీలో సగం బ్లూటూత్: ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

కడప, యెర్రముక్కపల్లి నుంచి రాస్తున్నాను. మీ 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నది మా నాయన కోసం. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు, సౌండ్ బాగా పెంచాలి. పక్క గదిలో మా పాప ఇంటర్ పరీక్షలకు చదువుకుంటోంది. అందుకని నాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తారని, డబ్బా మీద ‘బ్లూటూత్ 5.0’ అని ఉండబట్టే ఈ మోడల్ తీసుకున్నాం.

హెడ్‌ఫోన్స్‌ను పెయిరింగ్ మోడ్‌లో పెట్టి టీవీ బ్లూటూత్ మెనూలో వెతికితే వాటి పేరు కనిపిస్తుంది. నొక్కగానే ‘ఈ పరికరానికి సపోర్ట్ లేదు’ అంటుంది. మీ టెక్నీషియన్ వచ్చి టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, హెడ్‌ఫోన్సే పాడయ్యాయని చెప్పి వెళ్లాడు. అవే హెడ్‌ఫోన్స్ నా ఫోన్‌తోనూ, ఎదురింటి వాళ్ల టీవీతోనూ వెంటనే కలుస్తున్నాయి. కాబట్టి ఆ మాట నేను ఒప్పుకోను.

అసలు విషయం ఇంకో పరీక్షలో తేలింది. ఫోన్‌లో పాట పెట్టి బ్లూటూత్‌తో మీ టీవీకి పంపితే, టీవీ స్పీకర్లలో చక్కగా వినిపిస్తోంది. అంటే బయటి నుంచి శబ్దం తీసుకోవడం దానికి వచ్చు, బయటికి పంపడమే రాదు. బ్లూటూత్‌లో ఒక్కో పనికి ఒక్కో ప్రొఫైల్, అంటే పరికరాలు మాట్లాడుకునే పద్ధతి, ఉంటుంది. స్టీరియో శబ్దానికి ఉన్నది ఏ2డీపీ అనే ప్రొఫైల్. అందులో పంపే వైపు ‘సోర్స్’, అందుకునే వైపు ‘సింక్’. హెడ్‌ఫోన్స్ ఎప్పుడూ సింకే, కాబట్టి టీవీ సోర్స్ కావాలి. మీరు దీన్ని సింక్‌గా మాత్రమే తయారు చేశారు. టీవీ బ్లూటూత్ రిమోట్ కలిసేది వేరే ప్రొఫైల్ మీద, అందుకే అది పనిచేస్తోంది. 5.0 అన్నది వెర్షన్ నంబరే. టీవీ హెడ్‌ఫోన్స్‌కు శబ్దం పంపగలదో లేదో ఆ అంకె చెప్పదు. ఈ సంగతి కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఆప్టికల్ పోర్టుకు బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించుకోమని మీ కాల్ సెంటర్‌లో చెప్పారు. పక్కింటి వాళ్ల దగ్గర తెచ్చి చూశాం. మొదట శబ్దమే రాలేదు. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోను డాల్బీ నుంచి పీసీఎం అనే మామూలు ఫార్మాట్‌కు మార్చాక వచ్చింది. అయితే టీవీ రిమోట్‌తో హెడ్‌ఫోన్స్ సౌండ్ తగ్గదు, పెరగదు. డెబ్బై దాటిన మనిషి ప్రతిసారీ చెవి దగ్గర బటన్ తడుముకోవాలి. పైగా ఆ పరికరం ఖర్చు కూడా మేమే పెట్టుకోవాలట!

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఈ మోడల్‌కు సోర్స్ సౌకర్యం ఇవ్వగలరో లేదో, ఇస్తే ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి. ఇవ్వలేకపోతే హెడ్‌ఫోన్స్ కలిసే మోడల్‌తో మార్చండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. డబ్బా మీద ‘హెడ్‌ఫోన్స్‌కు పనిచేయదు’ అని కూడా ముద్రించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. బిల్లు, డబ్బా ఫోటో, తెర మీద వచ్చిన మెసేజ్ ఫోటో జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కడప