మూలుగ మార్పిడికి బ్లడ్ గ్రూప్ కలిస్తే చాలదు

సంపాదకులకు,

తలసేమియాతో మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే మా మేనల్లుడికి మూలుగ మార్పిడి చేయాలన్నారు. అది తెలిసి ఇక్కడ రాయగడలో చుట్టాలంతా "నాదీ బి పాజిటివే, నేనిస్తా" అంటూ వచ్చారు. వాళ్ల మనసు గొప్పది. కానీ ఇందులో ముఖ్యంగా చూసేది బ్లడ్ గ్రూప్ కాదు, కణాల మీదుండే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు. ఇవి సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకే ఒక తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. కన్నవాళ్లు మామూలుగా సగమే కలుస్తారు.

మావాడికి అక్క కలిసింది. ముందు బలమైన మందులతో వాడి పాత మూలుగను ఖాళీ చేశారు. తర్వాత అక్క తుంటి ఎముక నుంచి తీసిన మూలుగను రక్తంలాగే సంచిలోంచి ఎక్కించారు. అందులో ఉండే, రక్తాన్ని తయారుచేసే మూల కణాలు తమంతట తామే ఎముకల్లోకి చేరతాయి. ఆ తర్వాత రోజులే టెన్షన్. మా చెల్లి రోజూ రిపోర్టులో ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్ గడి ఒక్కటే చూసేది. అవి వరుసగా మూడు రోజులు 500 దాటాకే కొత్త మూలుగ పట్టుకుందన్నారు.

గుర్తులు సరిగా కలవకపోతే కొత్త కణాలే పిల్లాడి ఒంటిని పరాయిదనుకుని దాడి చేస్తాయి. అరచేతుల్లో ఎర్ర దద్దుర్లు, ఆగని విరేచనాలు, కామెర్లు వస్తాయి. పూర్తిగా కలిసినా ఆ ముప్పు కొంత ఉంటుంది, అందుకే మావాడికి ఇంకా మందులు నడుస్తున్నాయి.

తోబుట్టువు కలవని పిల్లలకు దాతల రిజిస్ట్రీలు పెద్ద దిక్కు. పేరు నమోదుకు చెంప లోపల దూదిపుల్లతో రుద్ది ఇస్తే చాలు. ఒకే మూలాలున్న వాళ్ల మధ్యే గుర్తులు కలిసే అవకాశం ఎక్కువ. రాయగడ, కోరాపుట్‌లలో రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్లు ఆ పుల్లలు కూడా తెప్పించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా