రాజీనామా చేస్తే బోనస్ పోదు

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడి కూతురు ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. 2023 డిసెంబర్ ఆఖరున మానేసింది. ఆ ఆర్థిక సంవత్సరం బోనస్‌ను కంపెనీ 2024 దసరా ముందు పంచిందని తెలిసి, పేస్లిప్పులు ఒక కవర్లో పెట్టుకుని వెళ్లింది. సెక్యూరిటీ అతను గేటు దగ్గరి నుంచే ఆఫీసుకు ఫోన్ చేశాడు. "ఇప్పుడు మన రోల్స్‌లో లేదు కదా, రాదని చెప్పు" అన్నారట. పిల్ల అది నిజమే అనుకుని తిరిగొచ్చేసింది. నాకు బాధ కలిగించింది అదే.

అప్పట్లో అమల్లో ఉన్న 1965 బోనస్ చెల్లింపు చట్టం ప్రకారం నెల జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి, 21,000 దాటకుండా ఉండి, ఆ సంవత్సరంలో కనీసం 30 పనిదినాలు చేసినవారికి బోనస్ హక్కు. పంచే రోజున ఉద్యోగంలో ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. మోసం, ఆవరణలో దౌర్జన్యం, సంస్థ ఆస్తి దొంగతనం, స్వాహా లేదా విధ్వంసం, వీటిలో ఏదో ఒక కారణంతో ఉద్యోగం నుంచి డిస్మిస్ చేస్తేనే బోనస్ పోతుంది. మెమో ఇచ్చినా, సస్పెండ్ చేసినా చాలదు. తప్పు చేసి నష్టం కలిగిస్తే ఆ నష్టం మేరకు, అదీ ఆ సంవత్సరపు బోనస్ నుంచే కోయవచ్చు. ఈ ఏడాది లాభం లేదన్న మాట కూడా చెల్లదు. కొత్త సంస్థలకు మొదటి ఐదేళ్లు మినహాయింపు ఉంది గానీ, మిగతావాళ్లు జీతంలో కనీసం 8.33 శాతం ఇవ్వాల్సిందే.

మేం లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాక డబ్బు వచ్చింది, కానీ 5,250 రూపాయలే. నెలకు 7,000 చొప్పున తొమ్మిది నెలలకు లెక్కకట్టారు. 7,000 లేదా ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కకట్టాలని ఆ చట్టానికి 2015లో చేసిన సవరణ చెప్పింది. ఆమె జీతం 14,000, ఆ పనికి కనీస వేతనం 12,000. ఆ లెక్కన దాదాపు 9,000 రావాలి. మిగతా 3,750 కోసం మళ్లీ తిరగాల్సి వచ్చింది.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. 30 రోజుల నియమం, 8.33 శాతం అందులోనూ ఉన్నాయి. డిస్మిస్ కారణాలూ అవే, లైంగిక వేధింపుల కేసులో శిక్ష పడటం ఒక్కటే కొత్తగా చేరింది. ఖాతాలు ముగిసిన ఎనిమిది నెలల్లోగా, అంటే మార్చితో ముగిస్తే నవంబర్ 30 లోపు, చెల్లించాలన్నదీ మారలేదు.

కార్మిక శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. తనిఖీకి వెళ్లినప్పుడు బోనస్ రిజిస్టర్ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. పక్కన ఆ ఏడాది హాజరు పట్టీ తెప్పించి పేర్లు పోల్చండి. హాజరులో ఉండి బోనస్‌లో లేని పేర్లలో ఎక్కువ మంది మధ్యలో మానేసినవాళ్లే ఉంటారు.

— ఒక పాఠకురాలు, విజయవాడ